ముఖమే పూచీకత్తు

2003లో దక్షిణాఫ్రికాలో ఒక రుణ సంస్థ తన పాత ఖాతాదారులకు 50 వేలకు పైగా ఉత్తరాలు పంపింది. మళ్లీ అప్పు కావాలంటే ఫలానా వడ్డీకి ఇస్తామన్నది వాటి సారాంశం. చూడ్డానికి మామూలు ప్రకటనే. కానీ వెనుక కొందరు ఆర్థికవేత్తలు ఉన్నారు. ఏ ఉత్తరంలో ఎంత వడ్డీ రాయాలి, మూలన ఎవరి ఫొటో వేయాలి, అప్పు లెక్కలు ఎన్ని ఉదాహరణలతో చూపాలి అన్నవి వాళ్లు చీటీలు తీసినట్టుగా, ఎవరికి ఏది వెళ్తుందో ముందుగా తెలియకుండా నిర్ణయించారు. ఆ తర్వాత ఎవరెవరు అప్పు తీసుకున్నారో లెక్కపెట్టారు.

ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఆకర్షణీయంగా ఉన్న ఒక స్త్రీ ఫొటో వేస్తే అప్పుకు ముందుకొచ్చేవాళ్లు పెరిగారు. ఎంత పెరిగారంటే, వడ్డీని నాలుగో వంతు తగ్గిస్తే ఎంతమంది వస్తారో దాదాపు అంతమంది. నూటికి పది రూపాయల వడ్డీ ఏడున్నర అయినట్టన్నమాట. ఫొటో వల్ల అప్పు షరతుల్లో ఒక్క పైసా మారలేదు. ఆ ఫొటోలోని మనిషి ఏమీ చెప్పలేదు, ఏ హామీ ఇవ్వలేదు, నవ్వుతూ ఉంది, అంతే. ఊళ్లో అప్పు పుట్టాలంటే ఎవరో ఒకరు పూచీ ఉండాలి. ఇక్కడ అప్పిచ్చేవాడి తరఫున ఒక ముఖం పూచీ పడింది.

ఆ ఖాతాదారులను ఎవరైనా పిలిచి "ఫొటో చూసి అప్పు తీసుకున్నారా?" అని అడిగితే ఒక్కరు కూడా ఔననరు. ఇంట్లో అవసరం ఉందనో, ఫీజు కట్టాలనో చెబుతారు. అది అబద్ధం కూడా కాదు, అవసరం నిజంగానే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ముఖం చేసే పని, ముఖం చేసినట్టుగా మనకు అనిపించదు.

ఈ పనికి మనస్తత్వ శాస్త్రంలో ఉన్న పేరు హాలో ఎఫెక్ట్. హాలో అంటే క్యాలెండర్ పటాల్లో దేవుళ్ల తల వెనుక గీసే వెలుగు వలయం. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైన్యంలో పై అధికారులు తమ కింది అధికారులకు వేసిన మార్కులు తిరగేశాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక, వీటిలో దేనికి దానికి విడిగా మార్కులు వేయాలి. కానీ ఒకదాంట్లో ఎక్కువ పడ్డవాడికి మిగతావాటిలోనూ ఎక్కువే పడుతున్నాయి. తెలివికీ కండలకూ నిజంగా ఉండగల సంబంధం కంటే మార్కుల్లో కనిపించే సంబంధం చాలా ఎక్కువ. అంటే మార్కులు వేసేవాళ్లు నాలుగు విషయాలు చూడటం లేదు. మొత్తం మీద మనిషి నచ్చాడా లేదా అన్న ఒక్కదాన్నే నాలుగు గడుల్లో పంచి రాస్తున్నారు.

ముఖం విషయంలో ఇది ఎంత త్వరగా జరుగుతుందో 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ కొలిచారు. తెలియని ముఖాన్ని సెకనులో పదో వంతు కాలం చూపించి, ఈ మనిషి నమ్మదగినవాడా, సమర్థుడా, ఆకర్షణీయంగా ఉన్నాడా అని అడిగారు. రెప్ప వేసి తీయడానికి కూడా చాలని ఆ సమయంలో ఇచ్చిన జవాబులు, తీరిగ్గా ఎంతసేపైనా చూసి ఇచ్చిన జవాబులకు దగ్గరగా ఉన్నాయి. ఎక్కువసేపు చూసినవాళ్లలో ప్రధానంగా పెరిగింది తమ తీర్పు మీద తమకున్న ధీమా. రీల్ మొదటి మూడు సెకన్ల కోసం తయారీదార్లు అంత తంటాలు ఎందుకు పడతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. మూడో సెకను నాటికి ముఖం మీద తీర్పు వెలువడి చాలాసేపైనట్టే.

అయితే అందం చూస్తే నిజాయితీ కనిపిస్తుందని అనుకుంటే పొరపాటు. 1991లో ఆలిస్ ఈగ్లీ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది. అందమైనవాళ్లను జనం కలుపుగోలు మనుషులుగా, నలుగురిలో నెగ్గుకొచ్చేవాళ్లుగా గట్టిగా ఊహిస్తారు. తెలివైనవాళ్లుగా కాస్త ఊహిస్తారు. నిజాయితీపరులుగా, ఇతరుల మంచి కోరేవాళ్లుగా ఊహించడం మాత్రం దాదాపు లేదు. మరి యాడ్‌లో నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? "ఈమె నిజమే చెబుతుంది" అనే రూపంలో ఆ నమ్మకం రాదు. ఆమె మాట్లాడుతుంటే హాయిగా ఉంటుంది, విషయం తెలిసినట్టుగా ఉంటుంది, అడ్డుప్రశ్న వేయబుద్ధి కాదు. నోట్లోకి రావలసిన ప్రశ్న రాకుండా పోవడాన్నే మనం తర్వాత నమ్మకం అని పిలుచుకుంటాం.

మన లోపలికి మనం తొంగి చూసుకుంటే ఇది కనిపిస్తుందా? 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబిస్తుంది. మిచిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఒక అధ్యాపకుడి ఇంటర్వ్యూ వీడియో చూపించారు. ఆయన ఇంగ్లిష్‌లో యూరపు యాస ఉంది. ఒక వీడియోలో ఆప్యాయంగా, విద్యార్థులంటే ఇష్టం ఉన్నవాడిలా మాట్లాడాడు. రెండో వీడియోలో అదే మనిషి ముభావంగా, కసురుకుంటున్నట్టు మాట్లాడాడు. ముఖం అదే, యాస అదే, చేతులు ఆడించే తీరు అదే. ఆప్యాయపు వీడియో చూసినవాళ్లలో ఎక్కువమందికి ఆయన రూపం, యాస, హావభావాలు ముచ్చటగా అనిపించాయి. కసురు వీడియో చూసినవాళ్లలో ఎక్కువమందికి అవే చిరాకు పుట్టించాయి.

ఇంతవరకు పెద్ద వింతేమీ లేదు. విద్యార్థులను ఆ తర్వాత, ఆయన మీద మీకున్న ఇష్టాయిష్టాలు ఆయన యాసను మీరు అంచనా వేయడంలో ఏమైనా పనిచేశాయా అని అడిగారు. లేదన్నారు. పైగా కసురు వీడియో చూసినవాళ్లు తిరగేసి చెప్పారు. ఆ యాస, ఆ వాలకం నచ్చక ఆయన నచ్చలేదని వాళ్ల నమ్మకం. కారణం ఫలితంగా, ఫలితం కారణంగా తారుమారైపోయింది, చదువుకున్న పిల్లల మనసుల్లో, కొన్ని నిమిషాల్లోనే. ఇక్కడ ఆకర్షణ మాటతీరులోంచి రూపానికి పాకింది, యాడ్‌లో రూపంలోంచి సరుకుకు పాకుతుంది. రెండుచోట్లా దారి ఒక్కటే. కాబట్టి "నేను ఆ అమ్మాయిని చూసి పడిపోయానా?" అని తనను తాను నిలదీసుకోవడం పెద్దగా ఉపయోగపడే పని కాదు. లోపలి నుంచి లేదనే జవాబే వస్తుంది, నిజంగా పడిపోయినప్పుడు కూడా.

ఈ లాగుడు అన్ని వేళలా ఒకేలా ఉండదు. 1983లో రిచర్డ్ పెట్టీ, జాన్ కాసియోపో, డేవిడ్ షూమన్ ఒక షేవింగ్ రేజర్ యాడ్‌ను రకరకాలుగా తయారు చేశారు. కొన్నిట్లో పేరున్న క్రీడాకారులు, కొన్నిట్లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ఊరి మామూలు మనుషులు. కొన్నిట్లో రేజర్ గురించి గట్టి కారణాలు, కొన్నిట్లో పసలేని కబుర్లు. చూసేవాళ్లలో సగం మందికి ఈ రేజర్ త్వరలో మీ ఊళ్లో అమ్మకానికి వస్తుందని, చివర్లో ఏదో ఒక రేజర్‌ను కానుకగా ఎంచుకోవచ్చని చెప్పారు. వాళ్లు కారణాలు చూశారు, క్రీడాకారుడు ఉన్నా లేకున్నా వాళ్లకు తేడా పడలేదు. మిగతా సగానికి అది తమకు పట్టని వ్యవహారం. వాళ్ల దగ్గర క్రీడాకారుడి ముఖం పనిచేసింది, కారణాల బలం అంతగా లెక్కకు రాలేదు. బస్సులో నిలబడి, అన్నం తింటూ, నిద్రపోయే ముందు పడుకుని బొటనవేలితో రీల్స్ జరుపుతున్న మనిషి రెండో గుంపులోనే ఉంటాడు. ఆ సమయంలో అతనికి ఏదీ కొనే ఉద్దేశం లేదు, అందుకే కాపలా కూడా లేదు. నెల తర్వాత మందుల షాపులో అదే డబ్బా కనిపించినప్పుడు "ఇది మంచిదని విన్నానే" అని గుర్తొస్తుంది. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో మాత్రం గుర్తుండదు.

తెలుగులో రోజూ కనిపించే ఒక బాపతు రీల్‌ను విప్పి చూద్దాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, పదింటిని కలిపి రాసుకున్న నమూనా. నిడివి 40 సెకన్లు, సరుకు జుట్టు పెరగడానికి తినే, బయోటిన్ అనే విటమిన్ ఉన్న గమ్మీలు. మొదటి మూడు సెకన్లలో కిటికీ వెలుగులో ఒక అందమైన యువతి, భుజం మీది జుట్టును వెనక్కి వేసుకుంటూ కెమెరా కళ్లలోకి చూస్తుంది. ఆ తర్వాత పది సెకన్లు, డెలివరీ అయ్యాక నాలుగో నెలలో జుట్టు గుత్తులు గుత్తులుగా ఊడిందని, దువ్వెన చూస్తే ఏడుపొచ్చేదని చెబుతుంది. తర్వాత డబ్బా. కెమికల్స్ లేవు, బయోటిన్ ఉంది, రోజుకు రెండు. అటుపై "అప్పుడు, ఇప్పుడు" ఫొటోలు. చివరి అయిదు సెకన్లలో కూపన్ కోడ్, ఈ రాత్రి వరకే.

ఈ రీల్‌లో ఆ యువతి ఒక్క అబద్ధం కూడా ఆడకపోయి ఉండొచ్చు. ప్రసవం తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు జుట్టు విపరీతంగా ఊడటం చాలామంది తల్లులకు అనుభవమే. గర్భంతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచిన వెంట్రుకలు తర్వాత ఒక్కసారిగా రాలతాయి. బిడ్డకు మొదటి పుట్టినరోజు వచ్చేసరికి ఎక్కువమందికి, ఏమీ వాడకపోయినా, జుట్టు మామూలు స్థితికి వస్తుంది. పెద్ద జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు ఊడే జుట్టు కథ కూడా ఇంచుమించు ఇదే. ఊడటం ఎక్కువగా ఉన్నప్పుడే ఎవరైనా మందు మొదలుపెడతారు. అది దానంతటదే తగ్గుముఖం పట్టే కాలం కూడా అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఆ మూడు నెలలు గమ్మీలు తిన్నా, గోరింటాకు పెట్టినా, గోడకు దండం పెట్టినా పేరు దానికే వస్తుంది. ఆమె అనుభవం నిజం, కన్నీళ్లు నిజం, ఊడటం ఆగిందన్నదీ నిజం. గమ్మీల వల్ల ఆగిందన్న ఒక్క ముక్కకే ఆధారం లేదు. ఆమె ముఖంలో నిజాయితీ వెతికే ప్రేక్షకుడికి నిజాయితీ దొరుకుతుంది, అదే అతన్ని పక్కదారి పట్టిస్తుంది.

ఇక ఆ జుట్టు సంగతి. జుట్టు, చర్మం, పళ్లు, బరువు తగ్గడం వంటి సరుకుల్లో చెప్పే మనిషి రూపం అలంకారంగా మాత్రమే ఉండదు, సాక్ష్యంలా నిలబడుతుంది. టీవీ అమ్మే యాడ్‌లో అందమైన ముఖానికి టీవీతో సంబంధం లేదని ఎవరికైనా తెలుసు. ఇక్కడ ఆ నిగనిగలాడే జుట్టు గమ్మీల ఫలితంలా కళ్లెదుట ఉంటుంది. కానీ వరస తిరగేయాలి. కంపెనీ ముందు గమ్మీలు పంచి, ఎవరి జుట్టు బాగా పెరిగిందో చూసి వాళ్లతో వీడియో చేయించదు. ముందే ఒత్తుగా జుట్టున్న మనిషిని వెతుక్కుని డబ్బా చేతికిస్తుంది. జుట్టు బాగుంది కాబట్టి యాడ్ వచ్చింది, యాడ్‌లో ఉన్నది తిన్నందుకు జుట్టు బాగుపడలేదు. మేడిపండు సామెతలో కనీసం చూసేదీ విప్పేదీ ఒకటే పండు. ఇక్కడ చూసేది ఒకరి తలను, కొనేది డబ్బాను.

లెక్కకు నిలిచేవి ఈ రీల్‌లో రెండే ఉన్నాయి, ముఖం మీద చూపు నిలిచిన ప్రేక్షకుడికి రెండూ తప్పిపోతాయి. ఒకటి, తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు. "అప్పుడు" ఫొటోలో భుజాల దాకా, "ఇప్పుడు" ఫొటోలో నడుము దాకా ఉంటే, మధ్యలో గడిచింది మూడు నెలలు కాదు, లేదా ఆ జుట్టంతా ఆమెది కాదు. రెండు, పెద్దవాళ్లకు రోజుకు సరిపోయే బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. గుడ్లు, పల్లీలు తినే ఇంట్లో అది తిండిలోనే వస్తుంది, లోపం ఉండటం అరుదు. లోపం లేనివాళ్లకు ఇది జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. డబ్బాల మీద మాత్రం 5,000, 10,000 మైక్రోగ్రాములని కనిపిస్తుంటుంది. అంత మోతాదు రక్తపరీక్షలను తప్పుదోవ పట్టించగలదు. థైరాయిడ్ ఫలితం తారుమారు కావచ్చు, గుండెపోటును పట్టే ట్రోపొనిన్ పరీక్షలో విలువ తక్కువగా చూపవచ్చు. దీని గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. పరీక్షకు వెళ్లేటప్పుడు గమ్మీల సంగతి డాక్టరుకు చెప్పాలని చాలామందికి తట్టదు. మిఠాయిలా చప్పరించే దాన్ని ఎవరూ మందుల కింద జమ కట్టరు.

లాగుడును గమనించే దారులు చాలావరకు బయటి నుంచే వెతకాలి, లోపల వెతికితే దొరకదని మిచిగన్ విద్యార్థులు చూపించారు కదా. అన్నిటికన్నా తేలికైన గుర్తు, వీడియో ముగిశాక మనం చెప్పుకునే కారణాల్లో ఎవరు కర్తగా ఉన్నారన్నది. "చాలా జెన్యూన్‌గా చెప్పింది", "ఎంత ఓపిగ్గా వివరించాడో", "ఆమెకు అంత అవసరం ఏముంది అబద్ధం చెప్పడానికి" అన్నవి మనిషి గురించిన మాటలు. అలాంటి వీడియోల కింద వచ్చే వ్యాఖ్యలు చదివితే ఈ బాపతు మాటలే ఎక్కువ. డబ్బాలో ఏముంది, ఎంత మోతాదు, ఎన్నాళ్లకు పనిచేస్తుంది అన్నవి సరుకు గురించిన మాటలు. మొదటి రకం నాలుగు వచ్చి, రెండో రకం ఒక్కటీ రాకపోతే ముఖం తన పని పూర్తి చేసిందనే లెక్క.

రెండోది, చూసినదాన్ని మరో రూపంలో మళ్లీ తీసుకోవడం. తెర మీద చెయ్యి పెట్టి మాటలు మాత్రం వినొచ్చు, కానీ తీయని గొంతు కూడా ముఖం లాంటిదే. చెప్పిన ముక్కలను కాగితం మీద రాసి చూడటం ఇంకా మేలు. పై రీల్‌ను రాస్తే మిగిలేది ఇది: "ప్రసవం తర్వాత జుట్టు ఊడింది. మూడు నెలలు ఇవి తిన్నాను. ఊడటం ఆగింది." నలభై సెకన్లు నిండుగా అనిపించింది మూడు చిన్న వాక్యాలకు కుదించుకుపోతుంది. తినకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న కాగితం మీద దానంతటదే లేస్తుంది, తెర మీద లేవలేదు.

ఈ జాగ్రత్త ముదిరి, అందంగా ఉన్న ప్రతివారినీ అనుమానించడం కూడా ఇదే జబ్బుకు మరో ముఖం. అప్పుడు కూడా తీర్పు చెబుతున్నది రూపమే. 1979లో షెల్లీ చైకెన్ అమెరికాలో కాలేజీ ఆవరణలో విద్యార్థులను పంపి, ఒక అర్జీ మీద సంతకాలు అడిగించింది. ఆకర్షణీయంగా ఉన్న విద్యార్థులు ఎక్కువ ఒప్పించగలిగారు. కానీ వాళ్లలో వాగ్ధాటి కూడా ఎక్కువే ఉందని, పరీక్ష మార్కులు కూడా మెరుగ్గా ఉన్నాయని ఆమె గమనించింది. ముఖం పనిచేయలేదని దీనర్థం కాదు. అందంతో పాటు నిజమైన నేర్పు కూడా ఉండొచ్చు, వీడియోలో ఆ రెండిటినీ కంటితో విడదీయలేం. చీరల లైవ్‌లో కట్టుకుని చూపే అమ్మాయి అందంగా ఉండటం చీరకు మోసమేమీ కాదు. కుచ్చిళ్లు ఎలా పడతాయో, కొంగు ఎంత పొడవుందో ఆమె ఒంటి మీద నిజంగానే తెలుస్తుంది. పట్టు అసలుదా కాదా అన్నది మాత్రం ఆమె ఒంటి మీద తెలియదు, దానికి సిల్క్ మార్క్ చీటీ చూడాలి. ఏది ముఖం చూపగలదు, ఏది చూపలేదు అన్న గీత ప్రతి సరుకుకూ వేరే చోట పడుతుంది.

చట్టం కొంత సాయం చేస్తుంది, ఎక్కువ కాదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బో కానుకో పుచ్చుకుని చెప్పేవాళ్లు ఆ సంగతి వీడియోలోనే స్పష్టంగా కనిపించేలా తెలపాలి, లైవ్ అయితే ఆసాంతం ఉంచాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకు కూడా మొదటి తప్పుకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కానీ మూలన ఉన్న "యాడ్" అనే మాట డబ్బు చేతులు మారిందని చెబుతుందే తప్ప, చెప్పినదానికి ఆధారం ఉందో లేదో చెప్పదు. ఆ మాట చదివాక కూడా ముఖం ముఖంలాగే ఉంటుంది.

తెలుగులో ఇంతకన్నా చవకైన పనిముట్టు ఒకటి ఉంది, వాక్యం చివర పెట్టే "ట". స్వయంగా చూడనిది, ఎవరో చెప్పగా విన్నది చెప్పేటప్పుడు క్రియకు దాన్ని తగిలిస్తాం. వీడియో చూస్తున్నంతసేపూ మనసు దాన్ని వదిలేసి "జుట్టు ఊడటం ఆగుతుంది" అని నమోదు చేసుకుంటుంది. ఆ ముఖాన్ని చూడని మనిషికి, వంటింట్లో ఉన్న అత్తగారికో అమ్మకో, అదే సంగతి చెప్పబోతే "ట" తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. వినేవాళ్లు కూడా అదే భాషలో అడుగుతారు.

"ఇవి తింటే జుట్టు ఊడటం ఆగిపోతుందట."

"ఎన్నాళ్లకట?"

"మూడు నెలలకట."

"బాలింత జుట్టు ఆ పాటికి ఎలాగూ నిలబడుతుంది కదే. డబ్బా ఎంతట?"